రసీదు ఒకరిది, జమ మరొకరిది: జార్జ్ టౌన్‌లోని ఒక చిన్న ఆఫీసులో వసూళ్ళ మోసం

చెన్నై జార్జ్ టౌన్‌లో ఎలక్ట్రికల్ సామాను టోకుగా అమ్మే ఒక భాగస్వామ్య సంస్థలో, దాదాపు పద్నాలుగు నెలల కాలంలో, దుకాణదారులు చెల్లించిన డబ్బులో 9,12,400 రూపాయలు సంస్థకు చేరకుండా పోయాయి. ఆ కాలమంతా బ్యాంకు ఖాతా ప్రతి నెలా పైసాతో సహా సరిపోతూనే ఉంది. సంస్థ యజమానులు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అన్నదమ్ములు. విషయం బయటపడిన తరువాత, ఎంత పోయిందో తేల్చడానికీ, మళ్ళీ పోకుండా ఆఫీసు పనిని తిరిగి అమర్చడానికీ చార్టర్డ్ అకౌంటెంట్‌గా నన్ను పిలిచారు. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. సంస్థను గుర్తుపట్టే వివరాలను తొలగించి, మొత్తాలను కొద్దిగా మార్చాను. మోసం జరిగిన తీరును మాత్రం మార్చలేదు.

ఆఫీసులో ఎవరు ఏమి చేసేవారు

గుమ్మిడిపూండి దాటి తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వరకూ ఉన్న చిన్న ఎలక్ట్రికల్ దుకాణాలకు ఈ సంస్థ వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు నలభై అయిదు రోజుల అప్పు మీద ఇస్తుంది. నెలకు సుమారు అరవై లక్షల అమ్మకం. వసూళ్ళలో అయిదో వంతు నగదుగానూ, మిగిలినది చెక్కులు, యూపీఐ, బ్యాంకు బదిలీల రూపంలోనూ వస్తుంది. పనివాళ్ళు ఏడుగురు: ఒక అకౌంటెంట్, ఒక బిల్లింగ్ గుమస్తా, లైన్ మీద తిరిగే ఇద్దరు కలెక్షన్ మనుషులు, ఒక సేల్స్‌మన్, గోదాము చూసే మనిషి, ఒక హెల్పర్. అన్నగారు మధ్యాహ్నం వరకూ ఆఫీసులో కూర్చుంటారు. తమ్ముడు కంపెనీలతో మాటలకూ, ఊళ్ళు తిరగడానికీ ఎక్కువగా బయటే ఉంటారు.

కలెక్షన్ మనుషులు దుకాణం దగ్గర కార్బన్ రసీదు రాసి ఇచ్చి, తెచ్చిన నగదునూ చెక్కులనూ సాయంత్రం అకౌంటెంట్‌కు అప్పగించేవారు. ఆయనే లెక్కపెట్టి, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో జమ రాసి, మరుసటి రోజు బ్యాంకులో కట్టించి, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసేవారు. ఏ దుకాణం ఎన్ని రోజులుగా బాకీ ఉందో చూపే ఏజింగ్ రిపోర్టును ప్రింటు తీసి అన్నగారి బల్ల మీద పెట్టేదీ ఆయనే, దుకాణదారులకు ఖాతా నకలు వాట్సాప్‌లో పంపేదీ ఆయనే. రేటు తేడా వచ్చిందంటే దుకాణం బాకీని ఆ మేరకు తగ్గించే క్రెడిట్ నోటు వేసేదీ ఆయనే. ట్యాలీకి ఒకే పాస్‌వర్డు ఉండేది, అది అందరికీ తెలుసు. రసీదు పుస్తకాలు ఆయన అలమారలోనే ఉండేవి.

నియంత్రణల భాషలో చెప్పాలంటే నాలుగు పనులు ఒకరి చేతిలో చేరాయి: డబ్బును తాకడం, దాన్ని లెక్కలో రాయడం, బాకీ తగ్గింపునకు అనుమతి ఇవ్వడం, చివరకు రాసినది సరిగ్గా ఉందో లేదో చూడడం. ఈ నాలుగింటిలో ఏ రెండు కలిసినా కొంత ప్రమాదమే గానీ, అన్నిటికంటె చెడ్డ జత మొదటిదీ రెండోదీ. డబ్బు తీసినవాడే ఆ తీసిన చోటును లెక్కలో కప్పిపుచ్చగలిగితే, దొంగతనం బయటపడకుండా ఉండడానికి ఇంకెవరి సాయమూ అవసరం లేని స్థితి వస్తుంది. డబ్బు తీసే అవకాశం లెక్క రాయనివాడికీ ఉంటుంది. అయితే అతడు తీసిన మరునాడే పుస్తకంలో తేడా కనిపిస్తుంది.

డబ్బు ఎలా తిరిగింది

వృత్తిలో దీన్ని ల్యాపింగ్ అంటారు. పాత ఆడిట్ పుస్తకాలలో టీమింగ్ అండ్ లేడింగ్ అని కనిపిస్తుంది. పని తీరు చాలా సరళమైనది. ఒక వారంలో సూళ్ళూరుపేట దుకాణదారు 38,000 రూపాయల నగదు చెల్లించి రసీదు తీసుకున్నారు. ఆ నగదు అకౌంటెంట్ చేతికి వచ్చింది, కాని పెట్టెలోకీ పోలేదు, ట్యాలీలోకీ ఎక్కలేదు. తొమ్మిది రోజుల తరువాత నాయుడుపేట నుంచి 45,000 వచ్చింది. దానిలో 38,000 సూళ్ళూరుపేట ఖాతాకు జమ చేసి, మిగిలిన 7,000 మాత్రమే నాయుడుపేట ఖాతాకు, ఏ బిల్లుకూ ముడిపెట్టకుండా ఆన్ అకౌంట్‌గా రాశారు. ఇప్పుడు సూళ్ళూరుపేట ఖాతా శుభ్రంగా ఉంది, 38,000 లోటు నాయుడుపేట ఖాతాకు మారింది. తరువాతి వారం గూడూరు నుంచి 52,000 వచ్చినప్పుడు, 38,000 నాయుడుపేటకు, 14,000 గూడూరుకు. లోటు మళ్ళీ ఒక అడుగు ముందుకు జరిగింది. మొత్తం మాత్రం మారలేదు. మారిందల్లా ఆ లోటును మోస్తున్న దుకాణమే.

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, నాయుడుపేట నుంచి వచ్చినది చెక్కు అయినా ఈ పని ఆగదు. చెక్కు సంస్థ పేరు మీదే ఉంటుంది, సంస్థ ఖాతాలోనే పడుతుంది. అది ఏ దుకాణం ఖాతాకు జమ కావాలో బ్యాంకుకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అందుకే వచ్చే చెక్కులన్నీ అకౌంట్ పేయీ చెక్కులే కాబట్టి మోసానికి వీలు లేదని అన్నగారు పెట్టుకున్న నమ్మకం నిలవలేదు. తీసింది నగదులో, కప్పింది చెక్కులతో.

పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసే రీకన్సిలియేషన్ దీన్ని ఎందుకు పట్టుకోలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. పుస్తకంలో రాసినదంతా బ్యాంకులో పడిందా అన్న ప్రశ్నకు మాత్రమే అది జవాబు చెబుతుంది. చేతికి వచ్చినదంతా పుస్తకంలోకి ఎక్కిందా అన్న ప్రశ్న దాని పరిధిలోనే లేదు. పుస్తకంలోకి రాకముందే మాయమైన నగదు విషయంలో, పుస్తకానికీ బ్యాంకుకూ మధ్య తేడా ఉండడానికి కారణమే లేదు. చిన్న ఆఫీసులలో యజమానులు ప్రతి నెలా రీకన్సిలియేషన్ కాగితం మీద సంతకం పెట్టి నిశ్చింతగా ఉండడం నేను తరచుగా చూస్తూ ఉంటాను. అది మంచి అలవాటే. కాని వసూళ్ళ మోసం విషయంలో ఆ సంతకం దాదాపు ఏమీ కాపాడదు.

ల్యాపింగ్‌కు ఒక స్వభావం ఉంది: అది ప్రతిరోజూ మనిషిని కోరుతుంది. ఏ లోటు ఏ దుకాణం మీద ఉందో గుర్తు పెట్టుకోవాలి, ఆ దుకాణదారు ఖాతా అడిగితే సర్దిన నకలు తయారు చేసి పంపాలి, సేల్స్‌మన్ ఆ దుకాణానికి బాకీ అడగడానికి వెళ్ళేలోగా మరొకరి డబ్బుతో దాన్ని పూడ్చాలి. ఈ అకౌంటెంట్ ఏళ్ళ తరబడి వరుసగా రెండు రోజులకు మించి సెలవు పెట్టలేదు. అన్నగారు దాన్ని నిబద్ధత అనుకున్నారు. మన దేశంలో బ్యాంకులకు రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనను ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. సున్నితమైన స్థానాలలో ఉన్న ఉద్యోగులను ఏటా ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా, తప్పనిసరి సెలవు మీద పంపాలన్నది ఆ నిబంధన. రోజూ కనిపెట్టుకుని ఉంటేనే నిలబడే మోసాలు ఆ పది రోజుల్లో తమంతట తామే పైకి తేలుతాయన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

లోటు పెరిగిన కొద్దీ దాన్ని తిప్పడం కష్టమైంది. అప్పుడు రెండో దారి మొదలైంది: రేటు తేడా, స్కీమ్ డిస్కౌంట్ అన్న పేర్లతో క్రెడిట్ నోట్లు. ఒక్క క్రెడిట్ నోటుతో ఆ దుకాణం బాకీ తగ్గిపోతుంది, ఇక ఆ మొత్తాన్ని తిప్పవలసిన పని ఉండదు. వాటిలో ఒక్కదానిలోనూ జీఎస్టీ చూపలేదు. అది తెలిసి చేసిన పనే. జీఎస్టీతో కూడిన క్రెడిట్ నోటు వేస్తే దాన్ని అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపాలి, అది అవతలి దుకాణదారు కొనుగోళ్ళ పన్ను పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది, కొనుగోళ్ళ మీద కట్టిన పన్నుకు దొరికే ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గేసరికి ఆయన ఆడిటరు వెంటనే ఫోను చేస్తాడు. పన్ను లేని వాణిజ్య క్రెడిట్ నోటు మాత్రం సంస్థ పుస్తకం దాటి ఎక్కడా కనిపించదు. చట్టం అలాంటి నోట్లను ఒప్పుకుంటుంది, వ్యాపారంలో అవి మామూలే. అందువల్లనే అవి దాక్కోవడానికి మంచి చోటు అయ్యాయి.

బయటపడిన తీరు, తేల్చిన తీరు

అకౌంటెంట్‌కు ఉన్నట్టుండి అపెండిక్స్ ఆపరేషన్ జరిగి, రెండు వారాలకు పైగా ఆఫీసుకు రాలేకపోయారు. ఆ రోజుల్లో బిల్లింగ్ గుమస్తా వచ్చిన డబ్బును వచ్చినట్టుగా, ఇచ్చినవారి ఖాతాకే జమ రాసుకుంటూ పోయింది. ఏజింగ్ రిపోర్టులో నాయుడుపేట దుకాణం గడువు దాటిన బాకీతో కనిపించింది. సేల్స్‌మన్ వెళ్ళి అడిగితే దుకాణదారు ఆశ్చర్యపోయారు. “ఇరవై రోజుల కిందటే ఇచ్చేశాను కదయ్యా, మీ మనిషి రాసిచ్చిన రసీదు ఇదిగో” అని ఫోటో తీయించి పంపారు. ఆ వారంలోనే గూడూరు నుంచీ అలాంటి రసీదే వచ్చింది.

నేను వెళ్ళిన రోజు అన్నగారికి కోపం కంటె బాధే ఎక్కువగా ఉంది. “పదకొండేళ్ళుగా ఉన్న మనిషి సార్, మా ఇంటి పెళ్ళిళ్ళకు ముందు నిలబడినవాడు” అన్నారు. అప్పటికప్పుడే ఫోను చేసి అడుగుతానంటే వద్దని చెప్పాను. అడగడానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ట్యాలీ డేటా ఫోల్డరును వేరే డిస్కులోకి కాపీ చేసి యజమాని దగ్గర పెట్టుకోవాలి, పాస్‌వర్డులు మార్చాలి, రసీదు పుస్తకాల కార్బన్ ప్రతులనూ బ్యాంకు పే-ఇన్ స్లిప్పులనూ అలమార నుంచి తీసి తాళం వేయాలి. సాక్ష్యం చేతికి రాకముందు జరిగే సంభాషణ సాధారణంగా సాక్ష్యాన్నే పోగొడుతుంది.

తరువాత తేల్చడం అనుకున్నంత కష్టం కాలేదు, ఎందుకంటే ల్యాపింగ్ తన అడుగుజాడలను తేదీలలో వదులుతుంది. కార్బన్ ప్రతి మీది తేదీనీ, ట్యాలీ వోచరు తేదీనీ పక్కపక్కన రాసుకుంటూ పోయాము. మామూలు వసూళ్ళలో ఆ రెండింటికీ ఒక రోజు తేడా ఉంటుంది. మోసం మొదలైన నెలలో అది వారం అయింది, తరువాత పదకొండు రోజులు, చివరి నెలల్లో పందొమ్మిది రోజుల వరకూ సాగింది. రెండో పరీక్ష బ్యాంకు స్టేట్‌మెంట్ మీద చేశాము. యూపీఐ, బ్యాంకు బదిలీల ఎంట్రీల వివరణలో డబ్బు పంపినవారి పేరు ఉంటుంది. ఆ పేరునూ, ట్యాలీలో అదే మొత్తం జమ అయిన ఖాతా పేరునూ పోల్చితే, పంపినది గూడూరు, జమ అయినది నాయుడుపేట, ఇలాంటి జతలు వరుసగా బయటపడ్డాయి. నెలవారీ రీకన్సిలియేషన్‌లో మొత్తం సరిపోతే టిక్కు పెట్టేవారు, పేరును ఎవరూ చదవలేదు.

మార్చి 31 దగ్గర ఇంకొక జాడ దొరికింది. సంవత్సరాంతంలో ఖాతాలు శుభ్రంగా కనిపించాలి కాబట్టి, ఏప్రిల్ మొదటి వారంలో వచ్చిన డబ్బును మార్చి చివరి తేదీలతో రాశారు. దానివల్ల పుస్తకాల ప్రకారం ఆ రోజు చేతిలో ఉన్న నగదు 1,80,000 దాటింది. ఆ ఆఫీసులో మామూలుగా సాయంత్రానికి ఇరవై ముప్పై వేలకు మించి ఉండదు. మార్చిలో కట్టినట్టు చూపిన చెక్కులు బ్యాంకులో ఏప్రిల్ 6, 7 తేదీలలో పడ్డాయి. ట్యాక్స్ ఆడిట్ చేసినవారు దుకాణదారులకు బాకీ ధృవీకరణ లేఖలు పంపించారు గాని, వాటిని పోస్టు చేసే పని ఇదే అకౌంటెంట్‌కు అప్పగించారు. బయటి ధృవీకరణలకు సంబంధించిన ఆడిటింగ్ ప్రమాణం, ఎస్ఏ 505, లేఖలు పంపడం మీదా జవాబులు అందుకోవడం మీదా ఆడిటరు అదుపు ఉండాలని చెప్పడానికి కారణం ఇలాంటి సందర్భమే.

చివరకు తేలిన లెక్క ఇది. దుకాణదారులు ఎన్నడూ అడగని, వారికి ఎన్నడూ అందని క్రెడిట్ నోట్లు 5,37,900 రూపాయలు. ఆరు దుకాణాల ఖాతాలలో ఇంకా తిరుగుతూ ఉన్న లోటు 3,74,500. రెండూ కలిపి పైన చెప్పిన మొత్తం. క్రెడిట్ నోట్లను నిర్ధారించుకోవడానికి తమ్ముడే స్వయంగా ప్రతి దుకాణానికీ ఫోను చేసి, వారి పుస్తకంలోని మన ఖాతా నకలు తెప్పించారు. ఆ పని ఆఫీసు మనుషులతో చేయించకూడదని ముందే అనుకున్నాము. కాగితాలు ముందు పెట్టినప్పుడు అకౌంటెంట్ కాదనలేదు. పోలీసు ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది యజమానుల నిర్ణయం. సేవకుడు చేసిన నమ్మకద్రోహానికి భారతీయ న్యాయ సంహిత 316(4) కింద ఏడేళ్ళ వరకూ శిక్ష పడవచ్చని వారికి వివరించాను. వారు రాతపూర్వక ఒప్పుకోలు తీసుకుని, వాయిదాల మీద తిరిగి కట్టించుకునే దారి ఎంచుకున్నారు.

ఏడుగురితో పని ఎలా విడదీశాము

పాఠ్యపుస్తకం ప్రకారం అయితే క్యాషియర్ వేరు, వసూళ్ళ లెక్క రాసేవాడు వేరు, సరిచూసేవాడు వేరు. ఏడుగురి ఆఫీసులో మరో ఇద్దరిని పెట్టుకోమంటే ఆ సలహా గుమ్మం దాటదు. సీసీ కెమెరాలు పెట్టిస్తే సరిపోతుందా అని తమ్ముడు అడిగారు. ఈ మోసంలో కెమెరా చూడగలిగేది డబ్బు లెక్కపెడుతున్న అకౌంటెంట్‌ను మాత్రమే, అది ఆయన పని. అందుకని కొత్త మనుషులు లేకుండా, ఉన్న పనులనే చేతులు మార్చాము.

ఇప్పుడు కలెక్షన్ మనుషులు తెచ్చిన నగదునూ చెక్కులనూ బిల్లింగ్ గుమస్తా లెక్కపెట్టి, రోజు పట్టీలో రాసుకుంటుంది. మరునాడు ఉదయం నగదు మొత్తంగా బ్యాంకుకు వెళుతుంది, దానిలో నుంచి చిల్లర ఖర్చులకు కూడా తీయరు. కొత్తగా వచ్చిన అకౌంటెంట్‌కు కార్బన్ ప్రతులు మాత్రమే అందుతాయి. ఆయన వాటిని చూసి జమ రాస్తారు, డబ్బును ముట్టుకోరు. అన్నగారు ఉదయం కాఫీ వేళకు మూడు అంకెలను పక్కపక్కన చూస్తారు: రసీదుల మొత్తం, బ్యాంకులో కట్టిన మొత్తం, ట్యాలీలో జమ మొత్తం. పది నిమిషాల పని. రసీదు పుస్తకాలు వరుస నంబర్లతో అచ్చయి ఆయన బీరువాలో ఉంటాయి, పాతది పూర్తిగా తిరిగి ఇస్తేనే కొత్తది దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది, దాని మీదే ఎక్కువ సేపు కూర్చున్నాము. బిల్లింగ్ గుమస్తా చేతికి నగదు ఇవ్వడంతో పాత జత విడిపోయింది గాని, కొత్త జత ఒకటి పుట్టింది. బిల్లు వేసేదీ ఆమే, నగదు ఉంచుకునేదీ ఆమే. కౌంటరు దగ్గర నగదుకు అమ్మిన సరుకు బిల్లును సాయంత్రం రద్దు చేస్తే ఆ డబ్బు ఎవరి లెక్కలోనూ ఉండదు. బాధ్యతలు విడదీయడంలో చాలామంది దాటిపోయే చోటు ఇది. ఒక పనిని ఒకరి నుంచి తీసి మరొకరికి ఇచ్చినప్పుడు, ఆ రెండో మనిషి దగ్గర అప్పటికే ఏమున్నదో చూడాలి. కౌంటరు అమ్మకం ఇక్కడ తక్కువే కాబట్టి దానికి తగినంత కాపలానే పెట్టాము. బిల్లు రద్దు చేయాలంటే అన్ని ప్రతుల మీదా అన్నగారి సంతకం ఉండాలి. గోదాము మనిషి సరుకు బయటికి పంపినప్పుడు రాసే రిజిస్టరులోని బిల్లు నంబర్లను, రద్దయిన బిల్లుల జాబితాతో వారానికి ఒకసారి పోల్చాలి. రద్దయిన బిల్లు మీద సరుకు బయటికి వెళ్ళి ఉంటే అక్కడే ఆగి అడగాలి.

ట్యాలీలో ఎవరి లాగిన్ వారికి ఇచ్చాము. అకౌంటెంట్ లాగిన్‌కు క్రెడిట్ నోటు వేసే హక్కు లేదు, రెండు రోజులకు మించి వెనుక తేదీతో వోచరు రాసే వీలూ లేదు. ఎవరు ఏ వోచరును ఎప్పుడు మార్చారో నమోదు చేసి ఉంచే ఎడిట్ లాగ్‌ను ఆన్ చేశాము. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు అది తప్పనిసరి. భాగస్వామ్య సంస్థకు ఆ నిబంధన వర్తించదు గాని, ఉచితంగా దొరికే కాపలాను వద్దనడానికి కారణం కనిపించలేదు. క్రెడిట్ నోటుకు తమ్ముడి సంతకం ఉన్న స్లిప్పు కావాలి, దాన్ని ట్యాలీలో ఎక్కించేది బిల్లింగ్ గుమస్తా. నోటు నకలు దుకాణదారుకు అదే రోజు వెళుతుంది.

నా దృష్టిలో ఈ మొత్తం అమరికలో అన్నిటికంటె బలమైనది నెలవారీ ఖాతా నకలు. అది తమ్ముడి ఫోను నుంచి, ఆయన స్వయంగా సేకరించి పెట్టుకున్న నంబర్లకు వెళుతుంది, జవాబులూ ఆయనకే వస్తాయి. లోపలివారు ఇద్దరు కుమ్మక్కయితే పైన చెప్పిన విభజన అంతా కూలిపోతుంది. కలెక్షన్ మనిషి దొంగ రసీదు పుస్తకం అచ్చు వేయించుకుంటే మూడు అంకెల పోలిక ఏమీ చెప్పదు. ఈ రెండు సందర్భాలలోనూ నిజం తెలిసిన మనిషి బయట ఉన్న దుకాణదారు ఒక్కరే, ఆయన దగ్గరికి వెళ్ళే దారి ఆఫీసు మనుషుల చేతిలో ఉండకూడదు. అకౌంటెంట్‌కు ఏటా ఒక వారం తప్పనిసరి సెలవు కూడా పెట్టాము, ఆ వారం జమలు గుమస్తా కాకుండా అన్నగారే రాస్తారు.

ఆరు నెలల తరువాత చూసినప్పుడు ఉదయపు పోలిక ఒక్క రోజూ తప్పకుండా నడుస్తోంది. ఖాతా నకళ్ళకు వచ్చిన అభ్యంతరాలలో ఎక్కువ భాగం నిజమైన రేటు తేడాలే, వాటిని కంపెనీ ధరల పట్టీతో చూసి సర్దారు. దీపావళి సీజనులో మాత్రం ఒక లోపం బయటపడింది. ఊరు వెళ్ళే ముందు తమ్ముడు ఖాళీ క్రెడిట్ నోటు స్లిప్పుల మీద సంతకాలు పెట్టి గుమస్తా సొరుగులో ఉంచి వెళ్ళేవారు. వాటిలో వాడినవి సరైనవేనని దుకాణాల నుంచి నిర్ధారించుకున్నాము, మిగిలినవి చించేశాము. ఇప్పుడు ఆయన ఊళ్ళో లేనప్పుడు క్రెడిట్ నోటు కావాలంటే, దుకాణం పేరూ బిల్లు నంబరూ మొత్తమూ ఉన్న స్లిప్పు ఫోటో ఆయన ఫోనుకు వెళ్ళాలి, ఆయన నుంచి వచ్చిన జవాబు ప్రింటు తీసి నోటుకు కుట్టాలి. జవాబు రానంతకాలం దుకాణదారు ఎంత తొందరపెట్టినా ఆ నోటు ట్యాలీలోకి ఎక్కదు.